లివర్‌లో చీముగడ్డ: మందులతో ఆగాలా, పైపు వేయించుకోవాలా, ఇంజెక్షన్లు ఎన్నాళ్లు?

మా గ్యాస్ట్రో వార్డులో ఉదయం రౌండ్స్‌కి వెళ్తే పేషెంట్ల ఇంటివాళ్లు అడిగేవి రెండే. "సార్, గోలీలతో తగ్గదా, పైపు వేయాల్సిందేనా?" అని ఒకరు, "ఇంజెక్షన్లు ఇంకెన్ని రోజులు సార్, దుకాణం బంద్ పెట్టుకుని కూర్చున్నాం" అని ఇంకొకరు. వాళ్లకి ఇవి రెండు వేర్వేరు విషయాలు. నాకు మాత్రం రెండూ ఒకటే, ఎందుకంటే రెండింటికీ జవాబు లోపల ఇంకా ఎంత చీము మిగిలి ఉందన్న దాని మీదే ఉంటుంది. అది వదిలేసి రోజులు లెక్కపెట్టుకుంటూ పోతే మూడో వారంలో కూడా మళ్లీ మొదటికే వస్తాం.

ముందు ఒక మాట. లివర్‌లో గడ్డ అనగానే అన్నీ ఒకటి కావు. మన దగ్గర అమీబా వల్ల వచ్చే గడ్డలు కూడా చాలానే చూస్తాం, ముఖ్యంగా కల్లు, మందు అలవాటున్న మగవాళ్లలో. ఆ గడ్డ ఎక్కువసార్లు మెట్రోనిడజోల్‌తోనే తగ్గుతుంది, పైపు అవసరం పెద్దగా రాదు, ఆ తర్వాత పేగులో దాక్కున్న అమీబాను తీసేయడానికి ఇంకో మందు వాడాలి. నేనిక్కడ చెప్పేది బ్యాక్టీరియా వల్ల వచ్చే చీముగడ్డ గురించి. షుగర్ ఉన్నవాళ్లలో, పిత్తనాళంలో రాళ్లున్నవాళ్లలో ఇది ఎక్కువ. క్లెబ్సియెల్లా, ఈకోలై అనే క్రిములు తరచుగా కనిపిస్తాయి. మొదటి రోజున స్కాన్ చూసి ఇది ఫలానాదే అని తేల్చడం కష్టం, అందుకే చీములో, రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే కల్చర్ రిపోర్టు వచ్చేదాకా యాంటీబయాటిక్‌తో పాటు మెట్రోనిడజోల్ కూడా కలిపి ఇస్తాం. అమీబా రక్తపరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన కూడా తేలిపోదు, మన ప్రాంతంలో పాత ఇన్ఫెక్షన్ తాలూకు గుర్తు ఒంట్లో చాలామందికి ఉండిపోతుంది.

మందు సరైనదే అయినా జ్వరం ఎందుకు తగ్గదు

ఒక కేసు చెప్తాను, గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను. ఉప్పల్ వైపు హార్డ్‌వేర్ దుకాణం నడిపే ఆయన, యాభై దాటాయి, తొమ్మిదేళ్లుగా షుగర్, గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు కానీ మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ 10.4. పళ్లు కొరుక్కునేంత వణుకుతో చలిజ్వరం మొదలైంది. ఇంటి దగ్గర ఒక చోట విడాల్ చేయిస్తే పాజిటివ్ వచ్చింది, టైఫాయిడ్ అన్నారు, రోజుకో గ్రాము సెఫ్ట్రయాక్సోన్ ఐదు రోజులు ఎక్కించారు. జ్వరం సగం తగ్గి మళ్లీ లేచింది. కుడి భుజం నొప్పి అంటే సిమెంట్ బస్తా ఎత్తి పట్టేసిందనుకుని బామ్ రాసుకున్నారు. లివర్ పైభాగాన గడ్డ ఉంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరపొర, డయాఫ్రాం, ఒరుసుకుని నొప్పి భుజంలో తెలుస్తుందని ఎవరికి తోస్తుంది చెప్పండి. పదో రోజు మా దగ్గరికి వచ్చేసరికి తెల్లకణాలు 21,000, ఇన్ఫెక్షన్ తీవ్రత చూపే సీఆర్‌పీ 240, స్కానింగ్‌లో లివర్ కుడి భాగంలో 7.8 × 6.5 సెం.మీ. గడ్డ.

ఆసక్తికరమైన సంగతి నాలుగు రోజుల తర్వాత తెలిసింది. చీము కల్చర్‌లో క్లెబ్సియెల్లా పెరిగింది, అది సెఫ్ట్రయాక్సోన్‌కి పూర్తిగా లొంగే రకం. అంటే డోసు కాస్త తక్కువైనా ఆయనకి అంతకుముందు ఎక్కించిన మందు సరైనదే. మరి ఎందుకు తగ్గలేదు? గడ్డ మధ్యలోకి రక్తం పోదు. రక్తం పోని చోటికి మందు కూడా సరిగా పోదు. నల్లా కనెక్షన్ లేని గల్లీకి ట్యాంకులో ఎన్ని నీళ్లుంటే ఏం లాభం? పైగా చీములో ఆమ్లత ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ, క్రిములేమో పెరగకుండా మత్తుగా పడి ఉంటాయి, పెరగని క్రిమి మీద చాలా యాంటీబయాటిక్స్‌కి పట్టు ఉండదు. అమైనోగ్లైకోసైడ్ రకం మందులైతే ఆ వాతావరణంలో దాదాపు పనిచేయవనే చెప్పాలి. అందుకే సరైన మందు మీద మూడు రోజులైనా జ్వరం దిగకపోతే వెంటనే ఇంకా ఖరీదైన మందుకి ఎగబాకడం కంటే ముందు స్కాన్ మళ్లీ చూడమంటాను.

సైజుని బట్టి ఎంచుకోవడం, సైజుకి మించి చూడాల్సినవి

మోటు లెక్క ఇది. గడ్డ అడ్డంగా 3 సెం.మీ. లోపు ఉంటే మందులతోనే ఆగవచ్చు, ఎక్కువమందికి తగ్గిపోతుంది. కల్చర్ కోసం కొంచెం చీము లాగడం మాత్రం వీలైతే మంచిది, ఎందుకో కింద చెప్తాను. 3 నుంచి 5 సెం.మీ. మధ్య ఉంటే సూదితో ఒకసారి లాగేయడం సరిపోతుంది, పైపు వేసి ఉంచడంతో పోలిస్తే పెద్ద తేడా కనిపించదు, కానీ సూది దారి పట్టినవాళ్లలో చాలామందికి రెండోసారి, ఒక్కోసారి మూడోసారి కూడా లాగాల్సి వస్తుంది. ఇది ముందే చెప్పకపోతే రెండోసారి తీసుకెళ్లినప్పుడు ఇంట్లోవాళ్లు మొదటిసారి సరిగ్గా చేయలేదని గొడవ పడతారు. 5 సెం.మీ. దాటితే నేను పైపే అంటాను. పిగ్‌టెయిల్ అంటారు దాన్ని, లోపలికి వెళ్లాక కొస పందితోకలా చుట్టుకుని జారిపోకుండా ఉంటుంది. చర్మం మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పెడతారు, కోత ఉండదు, చాలామందికి పూర్తి మత్తు అక్కర్లేదు.

ఈ సంఖ్యలు గీతలు కావు. 4.8 ఉంటే సూది, 5.1 ఉంటే పైపు అని స్కేల్ పట్టుకుని కూర్చుంటే పొరపాటే. నేను సైజు చూసేముందే మనిషిని చూస్తాను. బీపీ పడిపోతున్నా, ఊపిరి వేగంగా తీస్తున్నా, మాట తడబడుతున్నా గడ్డ 4 సెం.మీ.యే కదా అని ఆగను. స్కాన్‌లో గడ్డలోపల గ్యాస్ కనిపించినా అంతే, అది ఎక్కువగా షుగర్ అదుపు తప్పినవాళ్లలో వస్తుంది, చూస్తుండగానే షాక్‌లోకి జారతారు. లివర్ అంచున పలుచని పొర మాత్రమే మిగిలి, పగులుతుందా అన్నట్టున్న గడ్డ, గుండెకి ఆనుకుని ఎడమ వైపు ఉన్న గడ్డ, ఇవి కూడా ఆగే కేసులు కావు.

దీనికి తిరగబడిన పరిస్థితి కూడా ఉంది, అది ఎవరూ ముందుగా చెప్పరు. గడ్డ 7 సెం.మీ. ఉంటుంది, సీటీలో చూస్తే లోపల ఇంకా ద్రవం కాలేదు, గట్టిగా ఉంది. క్లెబ్సియెల్లా గడ్డల్లో మొదటి వారంలో ఇలా తరచుగా కనిపిస్తుంది. సెగ్గడ్డ పక్వానికి రాకముందే చీరితే ఏమవుతుందో మన అమ్మమ్మలకి తెలుసు, రక్తం తప్ప చీము రాదు. ఇక్కడా అంతే. అప్పుడు మనిషి నిలకడగా ఉంటే మందు నడిపిస్తూ మూడు నాలుగు రోజులకి మళ్లీ స్కాన్ చేసి, ద్రవం అయిన జాగా కనిపించాక పెట్టడమే మేలు. "నిన్న వేయలేం అన్నారు, ఇవాళ వేస్తాం అంటున్నారు, మీలో మీకే క్లారిటీ లేదు" అని ఒక అబ్బాయి నా మీద అరిచాడు. మారింది మా అభిప్రాయం కాదు బాబూ, గడ్డ.

చిన్నచిన్నవి పది పన్నెండు గడ్డలుంటే కథ వేరు. ఒక్కోదానికి పైపు వేయడం అయ్యే పని కాదు. అలా ఉన్నప్పుడు పిత్తనాళం మూసుకుపోయిందేమో చూడాలి. కళ్లు పచ్చబడి, బిలిరుబిన్ పెరిగి, నాళం ఉబ్బి ఉంటే నోటి నుంచి ఎండోస్కోప్ పంపే ఈఆర్‌సీపీ చేసి రాయి తీసి స్టెంట్ పెట్టడమే అసలు డ్రైనేజీ. ఆ పని చేయకుండా నెల రోజులు ఇంజెక్షన్లు ఎక్కించినా జ్వరం పోయి పోయి వస్తూనే ఉంటుంది.

ఆపరేషన్ సంగతి తొందరగా ముగిస్తాను, ఎందుకంటే ఇప్పుడు దాని వంతు చిన్నదే. గడ్డ కడుపులోకి పగిలినా, పైపు పెట్టినా లోపల గోడలు గోడలుగా ఉండి చీము రాకపోయినా, అపెండిక్స్ లాంటి ఇంకో కారణానికి ఎలాగూ కడుపు తెరవాల్సి ఉన్నా అప్పుడు సర్జన్. లేకపోతే మొదటి ఎంపికగా ఎవరైనా ఆపరేషన్ అంటే ఇంకో డాక్టర్‌ని అడగండి.

పైపు వేశాక ఇంట్లోవాళ్లు చూడాల్సింది

ఉప్పల్ ఆయనకి రక్తం గడ్డకట్టే తీరు చూపే ప్లేట్‌లెట్స్, ఐఎన్ఆర్ బాగానే ఉన్నాయి, చేరిన సాయంత్రమే 12 ఫ్రెంచ్ సైజు పైపు పెట్టించాం. టేబుల్ మీదే 130 మి.లీ. చిక్కటి చీము వచ్చింది. దాన్ని కల్చర్‌కి పంపించాం. ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. కల్చర్‌కి పంపాల్సింది పైపు పెట్టే క్షణంలో వచ్చిన చీము. రెండు రోజుల తర్వాత సంచిలోంచి తీసిన చీము పంపితే సంచిలో పెరిగిన క్రిముల పేర్లు వస్తాయి, వాటికి మందు ఇచ్చుకుంటూ పోవడం అవుతుంది. అలాగే మందు మొదలుపెట్టకముందే రక్తం కల్చర్ రెండు సీసాల జతలు తీయాలి. ఈయనకి ముందే ఐదు రోజులు మందు ఎక్కింది కాబట్టి రక్తంలో ఏమీ పెరగలేదు, అదృష్టం కొద్దీ చీములో పెరిగింది.

పైపు పెట్టిన రెండు గంటలకి ఆయనకి మళ్లీ వణుకు వచ్చింది, ఇంట్లోవాళ్లు హడలిపోయారు. గడ్డని కదిపినప్పుడు కొన్ని క్రిములు రక్తంలోకి చిమ్ముతాయి, అలా కొన్ని గంటలు వణుకు రావడం మామూలే, కానీ బీపీ మాత్రం పట్టుకుని చూస్తూ ఉండాలి.

తర్వాత రోజుకి మూడుసార్లు 10 మి.లీ. సెలైన్‌తో పైపుని సున్నితంగా కడిగేవాళ్లు. సంచిలో వచ్చిన కొలతలోంచి ఆ 30 మి.లీ. తీసేసి రాయాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఎవరో ఒకరు ఎప్పుడూ మర్చిపోతారు, సంచిలో రోజూ 35 వస్తోంది, ఇంకా చీము ఉంది అని పైపు ఉంచేస్తారు, నిజానికి అందులో 30 మనం పోసిందే. ఆయన లెక్క 60, 45, 30 ఇలా దిగుతూ వచ్చింది. నాలుగో రోజుకి జ్వరం పోయింది, సీఆర్‌పీ 90కి దిగింది, అన్నం తింటున్నారు.

ఐదో రోజు సంచి ఖాళీ. వాళ్ల తమ్ముడు సంతోషంగా "అయిపోయింది సార్, పైపు తీసేయండి, రేపు మంచి రోజు" అన్నాడు. అదే రోజు సాయంత్రం 101.5 జ్వరం. ఈ రెండూ కలిసి వస్తే అర్థం ఒకటే: చీము అయిపోలేదు, దారి మూసుకుపోయింది. అయిపోయే చీము మెల్లగా తగ్గుతుంది, నల్లా కట్టేసినట్టు ఒక్క పూటలో ఆగిపోదు. స్కాన్ చేస్తే ఇంకా 4.5 సెం.మీ. గడ్డ ఉంది, పైపు డ్రెస్సింగ్ కింద మడత పడి, లోపల గడ్డకట్టిన ముద్ద అడ్డుపడింది. అదే దారిలో వైరు పంపి కొంచెం లావైన 14 ఫ్రెంచ్ పైపుకి మార్చారు, వెంటనే ఇంకో 40 మి.లీ. వచ్చింది. ఆ రాత్రే జ్వరం దిగింది. యాంటీబయాటిక్ మార్చలేదు. డ్యూటీ డాక్టర్ రాత్రి ఇంకా బలమైన మెరోపెనెమ్‌కి మార్చేద్దామా అని ఫోన్ చేశాడు, అతని తప్పేం లేదు, భయం వేస్తుంది ఎవరికైనా, కానీ ఆ రాత్రి మందు మార్చి ఉంటే మర్నాడు పైపు చూసేవాళ్లం కాదు.

పైపు తీసేది ఎప్పుడంటే, జ్వరం లేకుండా ఉండి, సెలైన్ లెక్క పోను రోజుకి 10 మి.లీ. లోపే రెండు రోజులు వరుసగా వస్తూ, స్కాన్‌లో గడ్డ ముడుచుకుపోయి కనిపించినప్పుడు. ఆయనకి అది పదో రోజు. వచ్చేది చీము రంగు పోయి పసుపు పచ్చగా, జిగటగా మారితే పిత్తం కారుతోందని అర్థం, అప్పుడు పైపు తీయకూడదు, పిత్తనాళం వైపు చూడాలి. ఎర్రగా రక్తం వస్తే రాత్రయినా పిలవాలి.

ఇంజెక్షన్ నుంచి మాత్రలకి

పాత పద్ధతి ఏమిటంటే, చీము బాగా బయటికి వచ్చేసినవాళ్లకి రెండు నుంచి నాలుగు వారాలు ఇంజెక్షన్లు, సరిగా రానివాళ్లకి, అసలు పైపు వేయనివాళ్లకి నాలుగు నుంచి ఆరు వారాలు ఇంజెక్షన్లు, మిగిలింది మాత్రలు, మొత్తం కలిపి నాలుగు నుంచి ఆరు వారాలు. ఇప్పటికీ చాలామంది పెద్ద డాక్టర్లు ఇదే పాటిస్తారు, తప్పు పట్టలేం. అయితే సింగపూర్‌లో చేసిన ఒక ట్రయల్ ఫలితం 2020లో అచ్చయింది. క్లెబ్సియెల్లా గడ్డ ఉన్న 152 మందిని తీసుకుని, పనిచేసే మందు మొదలుపెట్టిన వారం లోపు సగం మందిని సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలకి మార్చారు, మిగతా సగానికి సెఫ్ట్రయాక్సోన్ రోజుకి 2 గ్రాములు ఇంజెక్షన్‌గానే నడిపారు, నాలుగు వారాలు. పన్నెండో వారానికి నయమైనవాళ్లు రెండు వైపులా నూటికి తొంభై దాటారు, మాత్రలు ఏమాత్రం తీసిపోలేదు.

దీన్ని పట్టుకుని మాత్రలు చాలట కదా అంటే ఒక మెలిక ఉంది. అక్కడ మాత్ర పనిచేసింది ఎందుకంటే క్రిమి ఆ మాత్రకి లొంగేది, మందు కూడా పేగు నుంచి రక్తంలోకి బాగా చేరేది. మన దగ్గర కల్చర్ రిపోర్టులో సిప్రో, లీవోఫ్లాక్సాసిన్ ఎదురుగా 'ఆర్' అని, అంటే లొంగదని, తరచుగా చూస్తుంటాం, ఈకోలైలో మరీ ఎక్కువ. అందుకే నేను కల్చర్ లేకుండా మాత్రలకి మార్చడానికి తొందరపడను. 3 సెం.మీ. గడ్డకి కూడా వీలైతే కొంచెం చీము లాగమన్నది ఇందుకే, క్రిమి పేరు తెలిస్తే మనిషి రెండు వారాలు ముందు ఇంటికి వెళ్తాడు.

నేను మార్చేముందు చూసేవి ఇవి: జ్వరం తగ్గి కనీసం రెండు మూడు రోజులయిందా, సీఆర్‌పీ మొదటి దాంట్లో సగానికి బాగా దిగిందా, చీము వెళ్లాల్సినంత వెళ్లిందా, వాంతులు లేకుండా తింటున్నారా, కల్చర్‌లో లొంగే మాత్ర ఉందా. అన్నీ కుదిరితే వారం, పది రోజుల్లోనే మారుస్తాను. చీము కల్చర్‌లో ఏమీ పెరగకపోతే మాత్రం ఇంజెక్షన్ రెండు మూడు వారాలు నడిపించాకే మాత్రలంటాను, అది నా అలవాటు. అమాక్సిసిలిన్ క్లావులనేట్ లాంటి మాత్రలు రక్తంలో అంత ఎత్తుకి చేరవు, బాగా ఖాళీ అయిన చిన్న గడ్డకైతే సరే, ఇంకా నిండుగా ఉన్న గడ్డకి వాటి మీద భారం వేయలేను. మెట్రోనిడజోల్ సంగతి వేరు, మాత్రయినా సీసా అయినా రక్తంలో దాదాపు ఒకటే, తినగలిగే మనిషికి ఆ సీసా ఎక్కించడం దండగ. క్లెబ్సియెల్లా ఒక్కటే అని తేలాక అదీ ఆపేయవచ్చు. వారాల తరబడి వాడితే అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, షుగర్ వల్లేమో అని వదిలేస్తారు, చెప్పాలి.

క్రిమి ఏ మాత్రకీ లొంగకపోతే? అప్పుడు ఇంజెక్షన్ తప్పదు, కానీ వార్డులోనే ఉండాలని లేదు. సెఫ్ట్రయాక్సోన్ రోజుకి ఒకసారే, అది పనిచేయని క్రిములకి ఎర్టపెనెమ్ కూడా రోజుకి ఒకసారే. చేతి కాన్యులా మూడు నాలుగు రోజులకే ఎర్రబడి వాస్తుంది, మూడు వారాల కోర్సుకి పై చేతిలోంచి పిక్ లైన్ అనే పొడవాటి సన్నటి పైపు వేయించుకుని, ఇంటి పక్క నర్సింగ్ హోమ్‌లో రోజూ అరగంట పని చూసుకుంటే సరిపోతుంది. మెహదీపట్నం నుంచి మా దాకా రోజూ ఆటోలో వచ్చిన ఒకావిడ చివరికి చెప్పింది, వాళ్ల గల్లీలోనే నర్సమ్మ ఉందని. మేమూ అడగలేదు.

ఉప్పల్ ఆయనకి పదకొండో రోజు సిప్రోఫ్లాక్సాసిన్ 750 మి.గ్రా. రోజుకి రెండుసార్లకి మార్చాం, ముందు ఈసీజీ తీసి, దగ్గు, బరువు తగ్గడం లాంటివి లేవని అడిగి, ఛాతీ ఎక్స్‌రే చూసి. ఈ రకం మందు టీబీని కొన్నాళ్లు కప్పిపెట్టేస్తుంది, మన ఊళ్లో అది మర్చిపోకూడదు. పాలు, పెరుగు, క్యాల్షియం, ఐరన్ మాత్రలు, గ్యాస్ సిరప్‌తో కలిపి వేసుకోవద్దు, మందు వేసుకున్నాక రెండు గంటలు ఆగమని రాసిచ్చాం. పెరుగన్నంతో మింగేవాళ్లకి ఇది చెప్పకపోతే సగం మందు కడుపులోనే చిక్కుకుంటుంది. ఇంత చెప్పి కూడా ఒకటి తప్పాం. గ్లిమిపిరైడ్ డోసు తగ్గించలేదు. సిప్రో దానితో కలిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు, పైగా ఇన్ఫెక్షన్ తగ్గుతుంటే షుగర్ దానంతటదే దిగుతుంది. మూడో రాత్రి చెమటలు పట్టి, చూస్తే 58. బెల్లం నీళ్లు తాగించి ఫోన్ చేశారు. మర్నాడే గ్లిమిపిరైడ్ ఆపేశాం.

ఇంకో హెచ్చరిక, క్లెబ్సియెల్లా అని తేలిన ప్రతి ఒక్కరికీ చెప్తాను, షుగర్ ఉంటే రెండుసార్లు చెప్తాను. కొందరిలో ఈ క్రిమి రక్తంలో పడి కంట్లోకి వెళ్తుంది. ఒక కన్ను ఎర్రబడ్డా, నొప్పి పుట్టినా, చూపు మసకబారినా రేపు చూద్దాం అనొద్దు, ఆ రాత్రే కంటి ఆసుపత్రికి వెళ్లాలి. గంటల తేడాలో చూపు పోతుంది, లివర్ బాగవుతున్నా సరే.

ఎప్పుడు ఆపాలి

రోజుల లెక్క నేను మందు మొదలుపెట్టిన తేదీ నుంచి వేయను, చీము సరిగ్గా బయటపడ్డ తేదీ నుంచి వేస్తాను. ఉప్పల్ ఆయనకి అది పైపు మార్చిన రోజు, అంటే చేరిన ఐదో రోజు. అక్కడి నుంచి నాలుగు వారాలు అనుకున్నాం, సుమారు ముప్పై నాలుగో రోజుకి ఆపాం. అప్పటికి సీఆర్‌పీ 4, బరువు రెండు కిలోలు పెరిగారు. చీము తీయని గడ్డ అయితే ఆరు వారాల దాకా వెళ్తాను. సీఆర్‌పీ దిగుతూ దిగుతూ మళ్లీ ఎక్కుతుంటే తేదీ వచ్చిందని ఆపను, స్కాన్ చూస్తాను.

పేగు నుంచి కూడా ఈ క్రిములు లివర్‌కి చేరతాయి, పెద్దపేగు క్యాన్సర్ మొదట ఇలా చీముగడ్డగా బయటపడ్డ కేసులున్నాయి. పిత్తనాళంలో కారణం దొరకనివాళ్లకి, వయసు యాభై దాటినవాళ్లకి తగ్గాక ఒకసారి కొలనోస్కోపీ చేయించమంటాను. ఆయన గొణిగారు కానీ చేయించుకున్నారు, ఏమీ లేదు.

మందు ఆపిన వారానికి ఆయన బయట ఎక్కడో సొంతంగా స్కాన్ చేయించుకుని, రిపోర్ట్ పట్టుకుని టెన్షన్‌గా వచ్చారు. "1.8 సెం.మీ. గడ్డ ఇంకా ఉంది అని రాశారు సార్. ఇంకో నెల గోలీలు రాయండి." జ్వరం లేదు, ఆకలి బాగుంది, రక్తపరీక్షలు మామూలే. స్కాన్‌లో ఆ మచ్చ మానడానికి నెలలు పడుతుంది, దాన్ని చూసి మందు పొడిగిస్తే అంతం ఉండదు. గోలీలు రాయలేదు. మూడు నెలల తర్వాత స్కాన్‌కి తేదీ రాసిచ్చాను, ఈలోపు వణుకుతో జ్వరం వస్తే తేదీ చూడకుండా రమ్మన్నాను. మూడు నెలలకి వచ్చారు, స్కాన్‌లో సన్నటి మచ్చ తప్ప ఏమీ లేదు.